సీసాలో గింజలెన్ని? ఏడేళ్ల పిల్లలతో అంచనా ఆట, పద్ధతులు, రాసుకునే షీటు

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. బడిలో సీసా నిండా గింజలు చూపించి ఎన్నున్నాయో చెప్పమంటే "వెయ్యి" అందట. లెక్కపెడితే 84 ఉన్నాయట. వంద దాకా అంకెలు బాగానే చెప్తుంది మరి. ఇంట్లో ఈ ఆట ఎలా ఆడించాలి? పద్ధతులేమైనా ఉన్నాయా? రాసుకోవడానికి ఒక షీటు కూడా ఉంటే చెప్పండి.

సమాధానం:

అంకెలు రాక వెయ్యి అనలేదండీ. పది గింజలు ఒకచోట పడితే ఎంత మేర నిండుతుందో తన కంటికి ఇంకా తెలీదు. వంద దాకా వరసగా చెప్పడం ఒక విద్య, ఎదురుగా ఉన్న కుప్పని చూసి దానికి అంకె కట్టడం ఇంకో విద్య. చాలా ఏళ్లుగా ఒకటి, రెండు తరగతులకు లెక్కలు చెప్తున్నాను. మొదటిది గడగడా వచ్చేసి రెండోది అసలు మొదలవని పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

దీని గురించి సీగ్లర్, బూత్ అనే ఇద్దరు పరిశోధకులు 2004లో ప్రచురించిన పని ఒకటి ఉంది. ఒక గీత గీసి, ఒక చివర 0, ఇంకో చివర 100 అని రాసి, ఫలానా అంకె ఎక్కడొస్తుందో గుర్తు పెట్టమని చిన్నపిల్లల్ని అడిగారు. ఒకటో తరగతిలో చేరని పిల్లలు చిన్న అంకెలకి బోలెడు చోటిచ్చి, పెద్ద అంకెలన్నిటినీ కుడిచివర కుక్కేశారు. రెండో తరగతి వాళ్లు చాలావరకు సమానంగా సర్దారు. మీ పాప ఆ మార్పు జరిగే వయసులోనే ఉంది. కాబట్టి ఆటలో మనం తనకి ఇవ్వాల్సింది ఒక్కటే: పది గింజల కుప్ప ఎంతుంటుందో కంటికి అలవాటు చేయడం. తర్వాత చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు గింజ, సీసా సంగతి చూద్దాం. సగం ఆటలు ఇక్కడే చెడిపోతాయి.

గింజ పెద్దదిగా, అన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి. రాజ్మా, కాబూలీ శనగలు, చింతపిక్కలు బాగుంటాయి. పెసలు, మినుములు, కందిపప్పు వద్దు. చిన్న టీ గ్లాసుడు పెసలే వెయ్యి దాటిపోతాయి, వాటిని లెక్కపెట్టేసరికి పిల్లకి ఆట మీద విసుగు పుడుతుంది. ఏడేళ్ల పిల్లకి మొత్తం 60 నుంచి 120 లోపు ఉండాలి. లెక్క ఐదారు నిమిషాల్లో తేలిపోవాలి.

ఒక జాగ్రత్త. ముచ్చటగా ఉంటాయని గురివింద గింజలు, ఆముదం గింజలు ఈ ఆటకి వాడొద్దు. రెండూ విషం. పచ్చి రాజ్మా కూడా నమిలి మింగితే వాంతులవుతాయి, కాబట్టి ఆట గింజలు నోట్లో పెట్టుకోకూడదని ముందే చెప్పండి. ఇంట్లో మూడు నాలుగేళ్ల తమ్ముడో చెల్లో ఉంటే, ఆట అయిన వెంటనే గింజలు మూతపెట్టి పైన పెట్టేయండి. ఆ వయసు పిల్లలు ముక్కులోనో చెవిలోనో దోపుకుంటారు, తడి తగిలితే గింజ ఉబ్బి తీయడం కష్టమవుతుంది.

సీసా గాజుదో, తేటగా ఉన్న ప్లాస్టిక్‌దో తీసుకోండి. కింద నుంచి పైదాకా ఒకే వెడల్పు ఉండాలి, లేబుల్ పూర్తిగా పీకేయాలి. అడుగు చదునుగా ఉందో లేదో వేలు పెట్టి చూడండి. చాలా ప్లాస్టిక్ సీసాలకి అడుగు లోపలికి ఉబ్బి ఉంటుంది, అక్కడ గింజలు తక్కువ పడతాయి, పిల్లకేమో ఆ తేడా కనిపించదు. ఇక అసలు కిటుకు ఏంటంటే, మీరు ఎంచుకున్న గింజలు అడుగున ఒక వరసగా పరిస్తే దాదాపు పది పట్టే సీసా వెతకండి. రాజ్మాకైతే నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న సన్న సీసా సరిపోతుంది. అలాంటివి రెండు కావాలి, రెండూ ఒకేలా ఉండాలి. ఒకటి ఆట సీసా, రెండోది జంట సీసా. ఆట సీసాలో ఐదు సెంటీమీటర్ల ఎత్తు దాకా రాజ్మా పోస్తే వందకి అటూ ఇటూగా పడతాయి. రకాన్ని బట్టి గింజ సైజు మారుతుంది కాబట్టి, పిల్ల పడుకున్నాక మీరొకసారి లెక్కపెట్టి చూసుకోండి.

పోశాక సీసాని రెండుసార్లు బల్ల మీద మెల్లగా తట్టండి. తట్టకపోతే మధ్యలో ఖాళీలుంటాయి. ఆట నడుమ పిల్ల సీసాని ఊపగానే మట్టం దిగిపోతుంది, "తగ్గాయి!" అంటుంది. (నిజానికి అదీ మాట్లాడుకోదగ్గ విషయమే, కాకపోతే మొదటి రోజు వద్దు.)

ఇప్పుడు ఆట.

మొదట సీసా చేతికిచ్చి, తిప్పి చూడనిచ్చి, చూడగానే తోచిన అంకెని రాయించండి. పెన్సిల్‌తో వద్దు, పెన్నుతో రాయించండి. లెక్క తేలాక ఈ వయసు పిల్లలు చేసే మొదటి పని తమ అంచనాని చెరిపేసి అసలు జవాబు రాసుకోవడం. లెక్కల నోట్సులో తప్పు ఉండకూడదని వాళ్లకి అప్పటికే నూరిపోసి ఉంటాం కదా. అంచనా చెరిగిపోతే మనకి చూసుకోవడానికి ఏమీ మిగలదు. పెన్నుతో రాయడం అలవాటయ్యాక చెరపాలన్న యావ పోతుంది.

మీరు కూడా ఒక అంచనా రాయండి, అయితే పాప రాశాకే చూపించండి. పెద్దవాళ్లు ముందు చెప్తే పిల్లలు దానికి ఒకటో రెండో కలిపి తమదిగా చెప్తారు. అక్కో అన్నయ్యో పక్కనుంటే వాళ్లకీ ఇదే నియమం. చీటీల మీద రాసి మడిచి పెట్టుకోవాలి.

తర్వాత రెండు ప్రశ్నలు. "ఇంతకన్నా తక్కువ ఉండనే ఉండవు అని గట్టిగా చెప్పగల అంకె ఏది?" "ఇంతకన్నా ఎక్కువ ఉండే వీల్లేదు అనేది ఏది?" మొదటిదానికి పిల్లలు నవ్వుతూ మూడు అంటారు. సరే, మూడు ఖాయం. పది ఉంటాయా? ఉంటాయి. ఇరవై? ఉంటాయి. ఇలా ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోతే ఒకచోట ఆగి సీసా వంక మళ్లీ చూస్తుంది. ఆ ఆగిన చోటే తన కింది హద్దు. పై నుంచి కూడా అలాగే దించండి. వెయ్యి అన్న పిల్లని "వెయ్యి తప్పు" అనక్కర్లేదు. "500 అయినా ఉంటాయా? 300?" అని అడిగితే తనే దిగొస్తుంది. రెండు హద్దులు దొరికాక అంకె నోటికొచ్చినట్టు ఎగరదు.

తర్వాత జంట సీసాలోకి వేరే పది గింజలు. పాపే ఒక్కొక్కటి లెక్కపెడుతూ వేయాలి. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి, "ఇవి పది. ఇప్పుడు అందులో ఎన్ని ఉండొచ్చు?" అని అడగండి. ఆ తర్వాత మీరు మాట్లాడకండి. అర నిమిషం పట్టినా ఆగండి. ఇక్కడ వేలు ఎటు పోతుందో చూడండి. వేలితో సీసా మీద కొలతలా పైకి జరుపుకుంటూ "పది, ఇరవై, ముప్పై" అంటే పద్ధతి పట్టుకున్నట్టే. వేలితో గాజుకి ఆనుకున్న గింజల్ని ఒక్కొక్కటి తాకుతూ పోతుంటే, కనిపించేవే లెక్కపెడుతోంది, లోపలివి మనసుకి రాలేదు. అలాంటప్పుడు వివరించడం కన్నా జంట సీసాలోని పది గింజల్ని పళ్లెంలోకి ఒంపి, "బయటి నుంచి చూస్తే ఎన్ని కనిపించాయి? పళ్లెంలో ఎన్నున్నాయి?" అని అడిగితే చాలు. ఏడు కనిపించాయి, పది ఉన్నాయి. దాగిన మూడింటి సంగతి తర్వాత తనే గుర్తు పెట్టుకుంటుంది.

ఆపైన జంట సీసా ఖాళీ చేసి, ఆట సీసాలోంచి గింజలు తీసి లెక్క మొదలుపెట్టాలి. పదులుగా పేర్చడానికి గుడ్ల ట్రే కన్నా మంచి సాధనం నేను చూడలేదు. ముప్పై గుడ్ల అట్ట ట్రేలో వరసకి ఐదు చొప్పున ఆరు వరసలుంటాయి. రెండేసి వరసలకు ఒక ముక్కగా కత్తిరిస్తే పది గుంటల ముక్కలు మూడొస్తాయి. ఒక్కో గుంటలో ఒక గింజ. అన్నీ నిండితే పది. వాటిని జంట సీసాలోకి ఒంపి, షీటు మీద ఒక గీత. నలభై అయ్యాక లెక్క ఆపేయండి.

ఈ ఆపడమే మొత్తం ఆటలో విలువైన క్షణం. ఇప్పుడు జంట సీసాలో నలభై ఉన్నాయి, ఆట సీసాలో మిగిలినవి ఉన్నాయి, రెండూ పక్కపక్కన ఉన్నాయి. "అంచనా మార్చుకుంటావా?" అని అడగండి. మార్చుకోవడం ఓడిపోవడం కాదని పిల్లకి తెలియాలి, అందుకే షీటులో దానికి వేరే గడి ఉంటుంది. తర్వాత మిగతావి కూడా పదులుగా లెక్కపెట్టించి, చివరన మిగిలిన విడిగింజలు కలిపి మొత్తం రాయించండి.

ఒక పిల్లవాడు ఎలా ఆడాడో చెప్తాను, ఇందులో గమనించాల్సింది ఒకటుంది. రెండో తరగతే, కాస్త మాట తక్కువ. సీసాలో రాజ్మా, ఐదు సెంటీమీటర్ల ఎత్తు. చూడగానే 500 అని రాశాడు. హద్దులు అడిగితే కింద 30, పైన 200 అన్నాడు, అనగానే తన 500 వైపు చూసి తల గోక్కున్నాడు. జంట సీసాలో పది గింజలు పడేసరికి అడుగు నిండింది. వేలితో ఆ వరస మందం పట్టుకుని, ఆట సీసా మీద ఏడుసార్లు జరిపి 70 అని రాశాడు. పద్ధతి అచ్చంగా సరైనదే.

నలభై తీసి జంట సీసాలో పోశాక రెండిటినీ చూసి చాలాసేపు ఊరుకున్నాడు. "టీచర్, ఇవి నలభై కదా. ఇంకా అందులోనే ఎక్కువున్నాయి" అన్నాడు. అంటే 70 కుదరదని తనకే తెలిసింది. 70 అయితే ముప్పై కన్నా ఎక్కువ మిగలకూడదు, మిగిలిందేమో నలభై కన్నా ఎక్కువ. మిగిలిన దాంట్లో జంట సీసా ఎత్తు ఒకటి, ఇంకో సగం పడుతుందని వేళ్లతో కొలిచాడు. నలభై, ఇంకో నలభై, ఇంకో ఇరవై. 100 అని రాశాడు. లెక్కపెడితే పది పదులు, విడిగా ఎనిమిది: 108.

మరి పది గింజల వరసతో కొలిస్తే 70 ఎందుకొచ్చింది? అడుగున పరుచుకున్న మొదటి వరసకి కింద చదునైన గాజు ఉంటుంది, గింజ జారడానికి సందు ఉండదు. పై గింజలు కింది గింజల మధ్య సందుల్లోకి దిగుతాయి. అందుకే మొదటి పది ఆక్రమించినంత ఎత్తు తర్వాతి పదులు ఆక్రమించవు. కావాలంటే జంట సీసాకి నిలువుగా ఒక కాగితం పట్టీ అంటించి, పది పడినప్పుడల్లా మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టి చూడండి. మొదటి గీత కింద ఖాళీ ఎక్కువ, తర్వాతి గీతలు దగ్గర దగ్గరగా పడతాయి. ఒక్క వరసని బట్టి కొలిచే పిల్లలు దాదాపు ఎప్పుడూ తక్కువే చెప్తారు, తప్పు వాళ్లది కాదు. దీనికి మందు పది బదులు ఇరవై, ముప్పై, నలభై గింజల ఎత్తు చూపించడం. మొదటి రెండు మూడు ఆటల్లో పదితో మొదలుపెట్టండి, ఎందుకంటే పదుల్లో ఎక్కడం వాళ్లకి సులువు. ఆ తర్వాత ఇరవైకి మారండి.

షీటు ఇది. నోట్‌బుక్ పేజీలో నిలువుగా గీసుకోవచ్చు. మధ్య గడిలో ఆ అబ్బాయి రాసినవి ఉంచాను, మూడో గడి మీ పాపది.

| అడిగేది | ఆ అబ్బాయి రాసింది | నేను రాసేది |
|---|---|---|
| ఏ గింజ? ఏ సీసా? | రాజ్మా, సన్న సీసా | |
| చూడగానే నా అంచనా | 500 | |
| ఇంతకన్నా తక్కువ ఉండవు | 30 | |
| ఇంతకన్నా ఎక్కువ ఉండవు | 200 | |
| 10 గింజలు చూశాక నా అంచనా | 70 | |
| 40 లెక్కపెట్టాక నా అంచనా | 100 | |
| అసలు లెక్క: పదులు, విడివి, మొత్తం | 10 పదులు, 8 విడివి, 108 | |
| చివరి అంచనాకీ లెక్కకీ తేడా | 8 | |
| ఎలా కనిపెట్టాను? (బొమ్మ వేయొచ్చు) | రెండు సీసాల బొమ్మ | |

చివరి గడిలో వాక్యాలు రాయమని పట్టుబట్టకండి. రెండో తరగతి పిల్లకి రెండు లైన్లు రాయడమే పెద్ద పని, రాత బరువైతే ఆలోచన ఆగిపోతుంది. బొమ్మ వేస్తే చాలు, లేదంటే తను చెప్తుంటే మీరు రాసి పెట్టండి. తను అన్న మాటే రాయండి, సరిదిద్దకండి.

షీటులో నేను చూసేది చివరి గడి కన్నా మధ్యలోని మూడు అంచనాలని. 500, 70, 100 అని ఉంటే అంకె దారిలో పడుతోంది. 500, 500, 500 అని ఉంటే పిల్ల మార్చుకోవడానికి భయపడుతోంది, హద్దుల ఆటని ఇంకొన్నిసార్లు విడిగా ఆడించాలి. 500, 70, 108 అని ఉండి అసలు లెక్క కూడా 108 అయితే, లెక్క అయ్యాక మార్చి రాసిందేమో చూడండి. తిట్టకుండా, "నువ్వు అప్పుడేమనుకున్నావో అదే నాకు కావాలి" అంటే సరిపోతుంది. కొన్ని ఆటలయ్యాక పాత షీట్లు వరసగా పరిచి, మొదటి అంచనా మాత్రమే చూసుకుంటూ రండి. 500 కాస్తా 200 అయి, 150 అయి, చూడగానే చెప్పే అంకె వందల్లోంచి దగ్గరికొస్తుంటే కంటికి అలవాటవుతున్నట్టు.

తేడా ఎంతుంటే బాగా చెప్పినట్టు? ఇది చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. కుప్ప పెద్దదయ్యేకొద్దీ మన చూపు పొరపాటు కూడా పెరుగుతుంది, పెద్దవాళ్లకైనా అంతే. పది గింజల దగ్గర రెండు తేడా చెప్పేవాళ్లు వంద గింజల దగ్గర ఇరవై తేడా చెప్పడం మామూలే. అందుకని తేడాని ఒకట్లలో చూడకండి, పదుల్లో చూడండి. వంద ఉన్నప్పుడు రెండు పదుల లోపు వస్తే ఈ వయసుకి చక్కటి అంచనా. ముప్పై ఉన్నప్పుడు ఒక పది తేడా వస్తే అది కాస్త ఎక్కువే.

అలాగే, సరిగ్గా చెప్పినవాళ్లకి చాక్లెట్ అనే పందెం పెట్టకండి. బడి వేడుకల్లో సీసా పోటీలు అలాగే పెడతారు, అక్కడ సరే. కానీ ఇంట్లో నేర్పడానికి అది పనికిరాదు. సరిగ్గా 108 అనడం అదృష్టం. ఒకసారి అలా తగిలిన పిల్ల మర్నాడు పద్ధతి వదిలేసి మళ్లీ అదృష్టం కోసమే చూస్తుంది. పందెం కావాల్సిందే అనిపిస్తే, మొదటి అంచనా కన్నా చివరి అంచనా ఎన్ని పదులు దగ్గరికొచ్చిందో లెక్కగట్టి అన్ని గీతలు ఇవ్వండి. పై అబ్బాయి లెక్క 392 దూరం నుంచి 8కి వచ్చింది, వాడికి 38 గీతలు. తీసివేత ఇంకా పూర్తిగా రాని పిల్లలకి ఆ లెక్క మీరే చేసి పెట్టండి.

ఇదే ఆటని మార్చి మార్చి ఆడించాలి, కాకపోతే ఒకసారికి ఒక్కటే మార్చండి. మొదట అదే సీసా, అదే రాజ్మా, ఎత్తు మాత్రం వేరు. ఒకరోజు మూడు సెంటీమీటర్లు, ఇంకోరోజు ఆరు. ఇది రెండు మూడు సార్లు సాగాక గింజ మార్చండి. రాజ్మా బదులు చింతపిక్కలు అదే ఎత్తుకి పోసి, లెక్కకి ముందే అడగండి: "మొన్నటికన్నా ఎక్కువుంటాయా, తక్కువా?" చాలామంది పిల్లలు ఎక్కువ అంటారు. గింజ పెద్దది కాబట్టి అంకె కూడా పెద్దది అనుకుంటారు. లెక్క తేలాక తక్కువ వచ్చేసరికి ఆ ముఖం చూడాలి. అప్పుడు ఎందుకు అని అడిగితే, "లావుగా ఉన్నాయి, చోటు పట్టలేదు" లాంటి జవాబొస్తుంది. ఆ మాట షీటులో రాసిపెట్టండి, మళ్లీ పనికొస్తుంది.

సీసా మార్చడం అన్నిటికన్నా చివర. లెక్కపెట్టిన 60 గింజల్ని పిల్ల కళ్లముందే సన్న సీసాలోంచి వెడల్పాటి గిన్నెలోకి ఒంపి, "ఇప్పుడెన్ని?" అనండి. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే నీళ్ల గ్లాసులతో చేసి చూపించిన సంగతి ఇదే. ఏడేళ్లు సరిగ్గా ఆ గట్టు దాటే వయసు. కొందరు వెంటనే "అవే కదా, అరవై" అంటారు, కొందరు "తగ్గాయి" అంటారు. తగ్గాయి అన్న పిల్లకి ఇప్పుడే వేర్వేరు సీసాలతో అంచనాలు పెట్టొద్దు. ఎత్తుని బట్టే లెక్క కడుతుంది కాబట్టి అంకెలన్నీ గజిబిజి అవుతాయి. అదే సీసాతో ఇంకొన్నాళ్లు ఆడించండి, మధ్యమధ్యలో ఒంపి చూపించండి.

సీసా తీసే తీరిక లేని రోజుల్లో మన పాత ఆటలున్నాయి. గుప్పిట్లో చింతపిక్కలు దాచి ఎన్నో చెప్పమనే ఆట మనందరికీ తెలుసు. దాన్ని కొంచెం మార్చండి: గుప్పిట తెరిచి రెండు అంకెలు పలికేంతసేపు చూపించి మూసేయండి. ఐదారు గింజలతో మొదలుపెట్టి పదిహేను దాకా తీసుకెళ్లొచ్చు. లెక్కపెట్టే వ్యవధి లేదు కాబట్టి చూపే పనిచేయాలి. వామనగుంటలు ఆడే ఇళ్లలో పిల్లలకి ఈ చూపు తొందరగా వస్తుంది. గుంటలో చెయ్యి పెట్టకముందే ఎన్నున్నాయో తెలిస్తేనే కదా ఆ ఆట.

ఈ ఆటలకి వారానికి రెండు సార్లు, పదిహేను నిమిషాలు చాలు. రోజూ పెడితే సీసాలోని అంకె కంఠతా వచ్చేస్తుంది, చూడడం మానేస్తారు. సాయంత్రం ఆకలితో బడి నుంచి రాగానే కూడా వద్దు.

జంట సీసా ఎప్పుడు తీసేయాలంటే, పాప చూడగానే రాసే అంకె వరసగా మూడు నాలుగు ఆటల్లో రెండు పదుల తేడాలోకి వచ్చినప్పుడు. అప్పుడు సీసా పెద్దది చేసి 200 నుంచి 300 దాకా పోయండి. అక్కడ పది గింజల కొలత మరీ చిన్నదైపోతుంది, పిల్ల అలిసిపోతుంది. చిన్న గిన్నెడు గింజలు లెక్కపెట్టించి, ఉదాహరణకి 50 వచ్చాయనుకోండి, ఇలాంటి గిన్నెలు సీసాలో ఎన్ని పడతాయని అడగండి. షీటులో "10 గింజలు చూశాక" అన్నచోట "ఒక గిన్నె లెక్కపెట్టాక" అని, "40 లెక్కపెట్టాక" అన్నచోట "రెండు గిన్నెలు తీశాక" అని మార్చుకోండి. మిగతా గడులన్నీ అలాగే ఉంచండి. గిన్నెని ప్రతిసారీ అంచుకి సమంగా చదును చేయాలి. గోపురంలా పోస్తే ఒక గిన్నెకీ ఇంకో గిన్నెకీ ఏడెనిమిది గింజల తేడా వస్తుంది, ఐదు గిన్నెలయ్యేసరికి లెక్క ఎటో పోతుంది.